షేర్లు అమ్మిన లాభంపై పన్ను: ఏడాది లోపైతే ఎందుకెక్కువ, ఏ కాగితాలు దాచుకోవాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. జూన్ నెలాఖరు నుంచి రిటర్నుల హడావుడి మొదలవుతుంది. ఉద్యోగులు, మెడికల్ షాపులవాళ్లు, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవాళ్లు ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చి ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు. వాటికి చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. రేట్లు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. స్టాక్ ఎక్స్ఛేంజీలో షేర్ల లావాదేవీల మీద పడే పన్ను అయిన ఎస్‌టీటీ కట్టి, డెలివరీ తీసుకుని, తర్వాత అమ్మిన లిస్టెడ్ షేర్ల గురించే ముఖ్యంగా చెబుతున్నాను.

ముందు తేడా ఎంతో చెప్పండి.

కొన్న షేరును పన్నెండు నెలలు దాటాక అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక లాభం. పన్నెండు నెలలు, అంతకు లోపు అయితే స్వల్పకాలిక లాభం. స్వల్పకాలిక లాభం మీద 20 శాతం పన్ను. దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి మొదటి 1.25 లక్షల మీద పన్ను లేదు, ఆ పైదాని మీద 12.5 శాతం. రెండింటికీ పన్ను మీద 4 శాతం సెస్సు అదనం. ఈ రేట్లు 2024 జులై 23 నుంచి వచ్చాయి. అంతకు ముందు స్వల్పకాలికానికి 15 శాతం, దీర్ఘకాలికానికి లక్ష దాటాక 10 శాతం ఉండేవి.

అదే షేరు, అదే లాభం. మరి రెండు రేట్లు ఎందుకు?

యార్డులోవాళ్లకు నేను వాళ్ల సరుకుతోనే చెబుతాను. ఒకాయన పొద్దున వేలంలో మిర్చి కొని సాయంత్రానికి ఇంకొకరికి అమ్మేస్తాడు. ఇంకొకాయన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అద్దె కట్టుకుంటూ, ధర పడిపోతుందేమోనన్న భయం భరిస్తూ నెలల తరబడి ఆగుతాడు. ఇద్దరికీ టిక్కీకి వెయ్యి రూపాయలే మిగిలినా, మొదటాయనది ఆ రోజు సంపాదన. రెండో ఆయన వెయ్యిలో డబ్బు ఇరుక్కుపోయిన కాలానికి, పడ్డ భయానికి కూడా ఖరీదు ఉంది. చట్టం చూపు కూడా ఇదే. చప్పున కొని చప్పున అమ్మి సంపాదించింది జీతంలాంటి, వ్యాపారంలాంటి ఆదాయానికి దగ్గర. ఏళ్ల తరబడి ఉంచింది పొదుపుకు దగ్గర.

దీని వెనక మూడు గట్టి కారణాలున్నాయి. మొదటిది ధరల పెరుగుదల. పదేళ్ల క్రితం లక్షకు కొన్నది ఇవాళ రెండు లక్షలైతే, కాగితం మీద లక్ష లాభం. కానీ అప్పటి లక్షకు వచ్చిన సరుకు ఇవాళ లక్షకు రాదు కాబట్టి ఆ లాభంలో కొంత ఉత్తిదే. స్థలాలు, బంగారం లాంటి వాటికి ఒకప్పుడు ఇండెక్సేషన్ అని కొన్న ధరను పెంచి లెక్కకట్టనిచ్చేవారు. 2024 జులై 23 తర్వాత ఆ పద్ధతిని చాలావరకు తీసేశారు. ఇప్పుడు దాని బదులుగా, మోటుగానైనా, ఈ తక్కువ రేటే పనిచేస్తోంది.

రెండోది, ఏళ్ల లాభమంతా ఒక్క ఏడాది నెత్తిన పడటం. షేరు ఎనిమిదేళ్లు కొద్దికొద్దిగా పెరుగుతుంది, పన్ను మాత్రం అమ్మిన ఏడాదే పడుతుంది. అంత మొత్తాన్నీ ఆ ఏడాది జీతంతో కలిపి శ్లాబులో వేస్తే, మామూలుగా 10 శాతం కట్టే మనిషి కూడా 30 శాతంలోకి వెళ్లిపోతాడు.

మూడోదాన్ని జనం అంతగా పట్టించుకోరు. అమ్మితేనే పన్ను కాబట్టి, రేటు మరీ ఎక్కువైతే ఎవరూ అమ్మరు. ఇంకా మంచి చోట డబ్బు పెట్టే అవకాశం ఉన్నా పన్నుకు జంకి పాత షేరునే పట్టుకుని కూర్చుంటారు. దీర్ఘకాలిక రేటు తక్కువగా ఉంటే ఆ బిగువు కాస్త సడలుతుంది.

అలాగని ఇది ప్రపంచమంతటా ఒకేలా ఉండాలనేం లేదు. అమెరికాలో ఏడాది, అంతకు లోపు లాభాన్ని మామూలు ఆదాయంలో కలిపేస్తారు, ఏడాది దాటితే తక్కువ రేటు. బ్రిటన్‌లో షేర్లు ఎంతకాలం ఉంచామన్నదాన్ని బట్టి రేటు మారదు. మన దగ్గరా గీత చాలాసార్లు జరిగింది. 2004 అక్టోబరు 1న ఎస్‌టీటీ వచ్చాక దీర్ఘకాలిక లాభం మీద పన్నే ఉండేది కాదు, 2018 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ వచ్చింది.

ఇంకొక మాట. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు స్వల్పకాలిక 20 శాతం కూడా రాయితీయే. 5 శాతం శ్లాబులో ఉన్న చిన్న ఉద్యోగికి మాత్రం అదే 20 శాతం బరువు. ఈ రేటు మనిషిని చూడదు, తేదీని చూస్తుంది. అందుకే చిన్నవాళ్లే తేదీల విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

పన్నెండు నెలలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి లెక్కపెట్టాలి?

ప్రతి కొనుగోలుకూ, అమ్మకానికీ బ్రోకరు పంపే కాంట్రాక్టు నోట్ మీద ఉన్న ట్రేడ్ తేదీ నుంచి మళ్లీ కాంట్రాక్టు నోట్ మీద ఉన్న అమ్మిన తేదీ వరకు. డీమ్యాట్‌లో షేర్లు పడిన రోజు, బ్యాంకులో డబ్బు పడిన రోజు లెక్కలోకి రావు. చట్టం అడిగేది పన్నెండు నెలలకు మించి ఉంచారా అని. 2024 జూన్ 10న కొన్నది 2025 జూన్ 10న అమ్మితే సరిగ్గా పన్నెండు నెలలే అయ్యాయి, మించలేదు. జూన్ 11 నుంచి దీర్ఘకాలికం. ఎక్సెల్ షీటు రాసుకునేవాళ్లు, కొన్న తేదీ A2 గడిలో ఉంటే, పక్క గడిలో ఇది పెట్టుకోండి. దీర్ఘకాలికం మొదలయ్యే రోజు కనబడుతుంది:

```
=EDATE(A2,12)+1
```

అయినా సరిగ్గా ఆ రోజే అమ్మకుండా ఇంకో రెండు రోజులు వేసుకోమంటాను. ఒక్క రోజు తేడా గురించి నోటీసుకు జవాబు రాసుకునే టెన్షన్ ఎందుకు?

ఒకే కంపెనీ షేర్లు రెండు మూడు దఫాలుగా కొన్నాను. కొన్ని అమ్మితే ఏవి అమ్మినట్టు?

డీమ్యాట్ ఖాతాలోకి ముందు వచ్చినవే ముందు పోయినట్టు లెక్క. "నేను కొత్తవి అమ్మాను, పాతవి ఉంచుకున్నాను" అంటే ఒకే ఖాతాలో చెల్లదు. రెండు డీమ్యాట్ ఖాతాలుంటే ఏ ఖాతా లెక్క దానిదే. కోల్డ్ స్టోరేజీలో ప్రతి లాటుకూ వేరే చీటీ, వేరే తేదీ ఉన్నట్టే ప్రతి కొనుగోలూ వేరే లాటు అనుకోండి.

ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం. ఒక లెక్చరరు గారు 2024 జూన్ 10న ఒక కంపెనీవి 500 షేర్లు 400 రూపాయల చొప్పున కొన్నారు. 2025 ఫిబ్రవరి 3న అవే ఇంకో 300 షేర్లు 520 చొప్పున తీసుకున్నారు. 2025 జూన్‌లో ధర 720కి చేరింది. పాప కాలేజీ ఫీజుకు 600 షేర్లు అమ్మాలి. బ్రోకరేజీ లాంటి ఖర్చులు పక్కన పెడదాం. జీతం మీద ఆయన ఎలాగూ పన్ను కడుతున్నారు.

జూన్ 9 సోమవారం అమ్మితే, మొదటి లాటులో 500 షేర్ల మీద 320 చొప్పున 1,60,000, రెండో లాటులో 100 షేర్ల మీద 200 చొప్పున 20,000 లాభం. రెండూ స్వల్పకాలికమే. 1,80,000 మీద 20 శాతం అంటే 36,000, సెస్సు 1,440. మొత్తం 37,440.

జూన్ 12 గురువారం అదే ధరకు అమ్మితే మొదటి లాటు దీర్ఘకాలికం అయిపోతుంది. ఆ ఏడాది వేరే దీర్ఘకాలిక లాభం లేదు కాబట్టి 1,60,000లో 1,25,000 పోగా మిగిలిన 35,000 మీద 12.5 శాతం, అంటే 4,375. రెండో లాటు ఇంకా స్వల్పకాలికమే, దాని మీద 4,000. సెస్సు 335తో కలిపి 8,710. మూడు రోజులకు తేడా 28,730 రూపాయలు.

అయితే ఏడాది నిండేదాకా ఆగడమే మంచిదా?

పై లెక్కలో ఆగిన మూడు రోజుల్లో ధర షేరుకు 55 రూపాయల వరకు తగ్గినా, అంటే 720 నుంచి 665 దాకా వచ్చినా, ఆయనకు పోయేదేం లేదు. అంతకు మించి పడితే పన్ను మిగిలి అసలు పోయినట్టు. మూడు రోజులంటే ఆగొచ్చు. ఇంకా ఐదు నెలలుంటే, ఆ కంపెనీ మీద నమ్మకం పోయాక కూడా పన్ను కోసమే పట్టుకుని ఉండొద్దని చెబుతాను. ఎంత తగ్గేదాకా ఓర్చుకోవచ్చో ముందే కాగితం మీద రాసుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

యాప్‌లో సగటు ధర కనబడుతుంది కదా, దాంతో లెక్క వేసుకోవచ్చా?

వద్దు. పై ఉదాహరణలో 800 షేర్ల సగటు 445 రూపాయలు. దాంతో 600 షేర్లకు లెక్కకడితే లాభం 1,65,000 వస్తుంది. అసలు లాభం 1,80,000. అంతకంటే ముఖ్యంగా, సగటులో తేదీ ఉండదు. ఏది స్వల్పకాలికమో ఏది దీర్ఘకాలికమో అది చెప్పలేదు. బ్రోకరు ఇచ్చే ట్యాక్స్ పీ అండ్ ఎల్ రిపోర్టులో లాట్ల వారీగా ఉంటుంది, దాన్నే చూడండి.

ఇంట్రాడే, ఎఫ్ అండ్ ఓ కూడా స్వల్పకాలికమేనా?

కాదు. ఇక్కడే చాలామంది తప్పు ఫారం వేస్తారు. డెలివరీ లేకుండా ఏ రోజుకారోజు కొని అమ్మేది స్పెక్యులేటివ్ వ్యాపారం. ఫ్యూచర్స్, ఆప్షన్స్ మామూలు వ్యాపారం. రెండింటి లాభమూ శ్లాబు ప్రకారమే, రిటర్ను ఐటీఆర్-3. ఉంచిన షేర్ల లాభం మాత్రమే ఉంటే ఐటీఆర్-2 సరిపోతుంది. ఇంట్రాడే నష్టాన్ని ఇంట్రాడే లాంటి స్పెక్యులేటివ్ లాభంలోనే తగ్గించుకోవాలి, నాలుగేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు.

నా మొత్తం ఆదాయం 12 లక్షల లోపే. పన్ను సున్నా కదా?

కొత్త విధానంలో 12 లక్షల వరకు వచ్చే రిబేటు శ్లాబు ప్రకారం పడే పన్నుకే. షేర్ల లాభం మీద పడే ఈ ప్రత్యేక రేట్ల పన్నుకు అది వర్తించదు. జీతం మీద పన్ను సున్నా అయినా, స్వల్పకాలిక లాభం లక్ష ఉంటే 20,800 కట్టాల్సిందే. గత ఏడాది ఈ మాట చెప్పినప్పుడు ముఖం చిన్నబుచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

వేరే ఆదాయమే లేనివాళ్ల సంగతి వేరు. మన దేశంలో నివాసి అయి, కొత్త విధానంలో ఉంటే, ఆదాయమంతా షేర్ల లాభమే అయినా మొదటి 4 లక్షల దాకా పన్ను పడదు.

అయితే మా ఆవిడ పేరు మీద కొంటే?

మీ డబ్బు ఆమెకు ఊరికే ఇచ్చి, దాంతో ఆమె కొంటే, ఆ లాభం తిరిగి మీ ఆదాయంలోనే కలుస్తుంది. ఆమె సొంత జీతంతోనో, పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బుతోనో కొంటే ఆమెదే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ తప్పకుండా ఉండాలి.

నష్టం వచ్చింది. రిటర్నులో చూపించకపోతే ఏం?

చూపిస్తేనే లాభం. స్వల్పకాలిక నష్టాన్ని స్వల్పకాలిక లాభంలోనూ, దీర్ఘకాలిక లాభంలోనూ తగ్గించుకోవచ్చు. దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంలో మాత్రమే. తక్కువ రేటు పడే చోట వచ్చిన నష్టంతో ఎక్కువ రేటు పడే లాభాన్ని చెరిపేసుకోకుండా ఈ అడ్డు పెట్టారు. మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు, కానీ గడువు లోపల రిటర్ను వేసినప్పుడే. ఐటీఆర్-2కు గడువు మామూలుగా జులై 31. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ నష్టం ముందుకు పోదు.

ఏ రికార్డులు దాచుకోవాలి? బ్రోకరు దగ్గర అన్నీ ఉంటాయిగా?

ఉంటాయి, మీరు ఆ బ్రోకరు దగ్గర ఉన్నంతకాలం. ఇది నాకే జరిగింది. 2021లో 612 రూపాయల చొప్పున 150 షేర్లు కొన్నాను. 2024 నవంబరులో ఆ ఖాతా మూసేసి, షేర్లను ఇంకో బ్రోకరు దగ్గరి డీమ్యాట్‌కు మార్చుకున్నాను. 2025 మేలో 1,040 చొప్పున అమ్మాను. ఏడాది చివర కొత్త బ్రోకరు రిపోర్టు తెరిస్తే, కొన్న తేదీ దగ్గర షేర్లు మారిన నవంబరు తేదీ, కొన్న ధర దగ్గర సున్నా. అంటే 1,56,000 మొత్తం స్వల్పకాలిక లాభం, దాని మీద పన్ను సెస్సుతో కలిపి 32,448. నిజానికి నా లాభం 64,200, అది దీర్ఘకాలికం. నాకు ఆ ఏడాది వేరే దీర్ఘకాలిక లాభం లేదు కాబట్టి 1.25 లక్షల లోపే, పన్ను సున్నా.

పాత బ్రోకరు లాగిన్ పనిచేయలేదు. కాంట్రాక్టు నోట్లు నేను వాడటం మానేసిన పాత మెయిల్‌కు వచ్చేవి. ఆ మెయిల్ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. చివరికి 2021 నాటి పీడీఎఫ్ దొరికింది, పాన్ నంబరు కొడితే తెరుచుకుంది. అందులోని తేదీ, ధర కొత్త బ్రోకరు సైటులో ఎక్కించాక రిపోర్టు సరిపడింది. షేర్లు చేతులు మారినా కొన్న తేదీ, కొన్న ధర వాటి వెంటే వస్తాయి. కానీ వాటిని రుజువు చేసే కాగితం వాటి వెంట రాదు.

అప్పటి నుంచి నేను చేసేది, అందరికీ చెప్పేది ఇది. ఏప్రిల్ రెండో వారంలో ఒక గంట కూర్చుని, అయిపోయిన ఆర్థిక సంవత్సరం పేరుతో ఒక ఫోల్డరు చేయండి. కాంట్రాక్టు నోట్లన్నీ అందులో వేయండి, మూలపత్రం అదే. తేదీ, ధర, బ్రోకరేజీ, ఎస్‌టీటీ అన్నీ విడివిడిగా దాంట్లోనే ఉంటాయి. ఈ విడివిడి ఎందుకంటే, మూలధన లాభం లెక్కలో బ్రోకరేజీని తీసేయొచ్చు, ఎస్‌టీటీని తీయకూడదు. తర్వాత ట్యాక్స్ పీ అండ్ ఎల్, డీమ్యాట్ లావాదేవీల స్టేట్‌మెంట్, బ్రోకరు లెడ్జరు, బ్యాంకు స్టేట్‌మెంట్ దింపుకోండి. ఖాతా మూసేసే ఆలోచన ఉంటే, మూయకముందే మొదటి రోజు నుంచి ఉన్న మొత్తం ట్రేడ్ల జాబితా తీసుకోండి.

రిటర్ను వేసేముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్, అంటే మన లావాదేవీల వార్షిక సమాచార పత్రం, తెరిచి అమ్మకాల మొత్తాలు కలుస్తున్నాయో లేదో చూడండి. అందులోని కొన్న ధర కొన్నిసార్లు మనదాంతో కలవదు. అమ్మకం అక్కడ ఉండి మీ రిటర్నులో లేకపోతే మాత్రం ప్రశ్న వస్తుంది.

బోనస్, స్ప్లిట్ వస్తే?

స్ప్లిట్‌లో పాత తేదీయే కొనసాగుతుంది, ధర మాత్రం భాగమవుతుంది. బోనస్ షేర్లకు కొన్న ధర సున్నా, తేదీ అవి కేటాయించిన రోజు. కాబట్టి మూడేళ్ల క్రితం కొన్న షేరుకు నిరుడు వచ్చిన బోనస్ ఇంకా స్వల్పకాలికంలోనే ఉండొచ్చు. కంపెనీ పంపిన కేటాయింపు మెయిల్ దాచండి.

నాన్నగారి షేర్లు నా పేరు మీదకు వచ్చాయి. వాటికి ధర ఏది?

నాన్నగారు కొన్న ధర, ఆయన కొన్న తేదీ మీకు వస్తాయి. ఆయన ఉంచుకున్న కాలం కూడా మీ లెక్కలో కలుస్తుంది. 2018 ఫిబ్రవరికి ముందు కొన్నవైతే, 2018 జనవరి 31న ఆ షేరు తాకిన గరిష్ఠ ధర కూడా కావాలి. ఆ ధర, అమ్మిన ధర, ఈ రెండింట్లో తక్కువైనదాన్ని తీసుకుని, దాన్ని అసలు కొన్న ధరతో పోల్చి, ఏది ఎక్కువైతే అదే కొన్న ధరగా వేసుకోవచ్చు. ఉదాహరణకు 90కి కొన్నది, ఆ రోజు 310 ఉంటే, ఇప్పుడు 700కు అమ్మితే లాభం 390 మాత్రమే. పెద్దవాళ్లున్న ఇళ్లలో బీరువాలో ఉన్న పాత బ్రోకరు బిల్లులు చిత్తు కాగితాల్లో వేసేముందు ఒకసారి చూడండి.

ఇవన్నీ ఎన్నేళ్లు ఉంచాలి?

కొన్న కాగితాన్ని ఆ షేరు అమ్మేదాకా, అమ్మాక ఇంకో ఎనిమిదేళ్లు. లెక్క కొన్న రోజు నుంచి కాదు, అమ్మిన ఏడాది నుంచి మొదలవుతుంది. నష్టం ముందుకు తీసుకెళుతుంటే, అది చివరిసారి వాడుకున్న రిటర్ను తర్వాత కూడా అన్నేళ్లూ ఉంచండి. ఫోన్‌లో ఒక కాపీ, ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసిన చోట ఒక కాపీ పెట్టండి. ఫోల్డరు పాస్‌వర్డ్ మీకొక్కరికే తెలిసి ఉంటే, రేపు అవసరం పడిన రోజున మీ పిల్లలు ఆ షేర్ల కొన్న ధర కోసం మా ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.